‘నేను చూస్తున్నాను’ అన్న తర్వాత

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు: “ఈ వారం నాకు ఆన్‌కాల్.” ఆ వారమంతా ల్యాప్‌టాప్ పెళ్లికీ వెంట వస్తుంది, గుడికీ వెంట వస్తుంది. అర్ధరాత్రి ఫోన్ మోగితే మనిషి దిగ్గున లేచి కూర్చుంటాడు. ఆ ఫోన్ చేసేది మనిషి కాదు, యంత్రం. ఎక్కడో ఒక సర్వర్ తన హద్దు దాటిందనో, ఒక డేటాబేస్ వెనకబడిందనో అది కబురు చేస్తుంది. ఆ కబురునే అలర్ట్ అంటారు. అది వచ్చినప్పుడు నిద్ర కళ్లతో మొదట నొక్కే బటన్ పేరు ‘అక్నాలెడ్జ్’.

ఆ బటన్ ఏం చేస్తుందో ఇంట్లోవాళ్లకే కాదు, కొత్తగా ఆన్‌కాల్‌లో చేరిన కుర్రవాళ్లకూ ఒక్కోసారి సరిగ్గా తెలియదు. అది నొక్కితే ఫోన్ మోత ఆగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ కబురు ఇంకొకరికి వెళ్లడం ఆగుతుంది. సంస్థ పెట్టుకున్న గడువులోగా మొదటి మనిషి బటన్ నొక్కకపోతే అలర్ట్ రెండో మనిషికి, అక్కడా జవాబు లేకపోతే మేనేజర్‌కి వెళుతుంది. నొక్కిన మరుక్షణం ఆ దారులన్నీ మూసుకుపోతాయి. సమస్య మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ‘ఇది నా చేతిలో ఉంది, మీరు పడుకోండి’ అని మిగతావాళ్లందరికీ చెప్పినట్టు, అంతే. అలా చెప్పి మళ్లీ దిండు మీద వాలిపోతే, అసలు నొక్కకుండా ఉన్నదానికంటే ఎక్కువ నష్టం. నొక్కకపోతే ఇంకొకరైనా లేచేవారు.

ఆ బటన్ నొక్కిన తర్వాత పని ఎలా సాగుతుంది, దాన్ని ఎలా రాసుకోవాలి అన్నది అర్థం కావడానికి, లోకమంతా చదవగలిగేలా రాసిపెట్టిన ఒక సంఘటన ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగింది. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకుని, కలిసి పనిచేసుకునే వెబ్‌సైట్ అది. ఆ రాత్రి ఏం జరుగుతోందో వాళ్లు ఒక ఉమ్మడి డాక్యుమెంట్‌లో రాస్తూ, దాన్ని అందరికీ తెరిచి ఉంచారు. డేటాను తిరిగి తెచ్చుకునే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. తర్వాత తీరిగ్గా పూర్తి నివేదిక కూడా ప్రచురించారు. ఈ రంగంలో నేను చదివిన సంఘటనల నివేదికల్లో దీన్నే అందరికీ మొదట చదవమంటాను.

ముందు వాళ్ల ఏర్పాటు చూద్దాం. వెబ్‌సైట్ వివరాలన్నీ ఉండే డేటాబేస్ db1.cluster.gitlab.com అనే సర్వర్‌లో ఉండేది. దాని నకలు db2.cluster.gitlab.com అనే రెండో సర్వర్‌లో ఉండేది. కొట్టు గల్లాపెట్టె దగ్గర ఒక పద్దు పుస్తకం, లోపలి గదిలో దాన్ని చూసి ఎప్పటికప్పుడు ఎక్కించే రెండో పుస్తకం ఉన్నట్టు. మొదటిదానికి ఏమైనా అయితే రెండోది ఆదుకుంటుంది. మొదటి సర్వర్ తన మార్పులను చిన్న చిన్న ఫైళ్లుగా రాసి ఉంచితే, రెండోది వాటిని తెచ్చుకుని తనలో ఎక్కించుకుంటుంది. చోటు సరిపోవాలి కాబట్టి మొదటి సర్వర్ పాత ఫైళ్లను కొంతకాలానికి తీసేస్తుంది. రెండోది ఆ లోపే వాటిని అందుకోవాలి.

ఆ సాయంత్రం నుంచి స్పామ్ రాసేవాళ్ల తాకిడితో డేటాబేస్ మీద ఒత్తిడి పెరిగింది. యూటీసీ కాలమానంలో రాత్రి 10 గంటల ప్రాంతంలో అలర్ట్ మోగింది. మనకు అప్పుడు తెల్లవారుజాము మూడున్నర. db2 బాగా వెనకబడిపోయిందన్నది ఆ అలర్ట్ సారాంశం. దానికి కావలసిన ఫైళ్లను db1 అప్పటికే తీసేసింది. ఇక అది నెమ్మదిగా అందుకోవడం కుదరదు, నకలు మొత్తం మొదటి నుంచి మళ్లీ తీయాలి. ఈ పని చేస్తున్న ఇంజనీరుకు స్థానిక సమయం రాత్రి 11 అయింది. పొద్దుపోయింది, ఇక వెళతానని అనుకున్నవాడే ఈ సమస్య వచ్చి పడటంతో ఆగిపోయాడు. ఈ ముక్క కూడా వాళ్ల రికార్డులో ఉంది. సాంకేతిక వివరాల మధ్య ఇలాంటి మాట ఎందుకని కొందరు కొట్టేస్తారు. నేనైతే కొట్టేయను. ఆ పని చేసిన మనిషి అప్పటికి ఎంతసేపటి నుంచి పనిలో ఉన్నాడో తర్వాత చదివేవాడికి తెలియాలి.

ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ఆ క్షణానికి పోయిందేమిటి? డేటా పోలేదు, db1 దగ్గర అంతా ఉంది. పోయింది రెండో పుస్తకం మాత్రమే, అంటే ఆపద్ధర్మం. అలర్ట్‌ను ఒక పనిగా మార్చుకోవడమంటే ఈ సంగతిని నాలుగు వాక్యాల్లో టికెట్ మీద పెట్టడం. అప్పుడు వాళ్లేం రాసుకున్నారో అది పక్కన పెడదాం. నేనైతే ఇలా రాస్తాను:

“db2లో నకలు ఆగిపోయింది. db1 పనిచేస్తోంది, డేటా అంతా అక్కడే ఉంది, దాన్ని ముట్టుకోకూడదు. చేయాల్సిన పని: db2లోని పాత డేటా తీసేసి db1 నుంచి కొత్త నకలు తీయడం. db2 పూర్తిగా db1ను అందుకున్నాక పని ముగిసినట్టు.”

ఇందులో రెండో, మూడో వాక్యాలకూ చివరి వాక్యానికీ ఉన్న విలువ రాసేటప్పుడు తెలియదు. ఏ సర్వర్‌ను మార్చాలో, ఏది ముట్టకూడదో అలసట ఎక్కకముందే కాగితం మీద పడుతుంది. ఏ స్థితికి చేరితే ఆగవచ్చో తెలిస్తే మధ్యలో పని దారి తప్పినప్పుడు గుర్తుపట్టవచ్చు. ఇలా రాసుకుంటే ఆ రాత్రి పొరపాటు జరిగేది కాదని నేను అనను. పక్కన ఉన్న రెండో మనిషి చదివి “ఇప్పుడు నువ్వున్నది db2లోనేనా?” అని అడగడానికి మాత్రం అవకాశం ఉండేది. నోటితో అనుకున్న పనిని అలా అడగడం కష్టం.

నకలు తీసే పనిముట్టు పేరు pg_basebackup. అది పనిచేయాలంటే db2లో డేటా ఉండే డైరెక్టరీ ఖాళీగా ఉండాలి. కాబట్టి అక్కడి పాత డేటాను తుడిచేయడం తప్పు కాదు, అది పనిలో భాగమే. తుడిచి, మొదలుపెట్టారు. మొదట ఒక సెట్టింగ్ చాలలేదని మొరాయించింది. దాన్ని పెంచితే db1 మళ్లీ మొదలవడానికి ఒప్పుకోలేదు. ఒకేసారి 8000 కనెక్షన్లకు అనుమతి ఇచ్చి ఉండటమే కారణమని తేలి, దాన్ని 2000కు తగ్గించారు. అప్పటికి db1 లేచింది. pg_basebackup మాత్రం ఉలకదు, పలకదు. తప్పు చూపించదు, పని జరుగుతున్నట్టూ చూపించదు.

నిజానికి అది పనిముట్టు సహజ స్వభావం. మొదటి సర్వర్ డేటా పంపడం మొదలుపెట్టేదాకా అది నోరు మెదపకుండా ఎదురుచూస్తుంది. ఈ సంగతి తెలిసిన ఇంజనీరు ఆ సమయానికి అక్కడ లేరు. వాళ్ల పని పుస్తకాల్లోనూ అది స్పష్టంగా రాసి లేదు. పని చేస్తున్న ఇంజనీరుకు ఒక అనుమానం వచ్చింది: ఇంతకుముందు ఆగిపోయిన ప్రయత్నం ఆ డైరెక్టరీలో ఏవో ఫైళ్లు మిగిల్చిందేమో, అందుకే ఇది కదలడం లేదేమో. దాన్ని మళ్లీ తుడిచేద్దామనుకున్నాడు. తుడిచే కమాండ్ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలో చూసుకుంటే తానున్నది db2లో కాదు, db1లో.

వెంటనే ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీల డేటాలో మిగిలింది సుమారు 4.5 జీబీ.

ఇప్పుడు వాళ్లు రాసిన టైమ్‌లైన్ గొప్పతనం చూడండి. అలాంటి క్షణంలో ఎవరైనా రాసే వాక్యం ఒకటుంది: “డేటా పొరపాటున తొలగించబడింది.” ఇందులో మనిషి లేడు, సర్వర్ లేదు, వేళ లేదు, కారణం లేదు. వాళ్లలా రాయలేదు. సుమారు 11 గంటలకు ఫలానా ఇంజనీరు ఫలానా విధంగా అనుకున్నాడని, డైరెక్టరీ తీసేయాలని నిర్ణయించాడని, ఒకటి రెండు సెకన్ల తర్వాత db2 బదులు db1లో ఉన్నట్టు గమనించాడని రాశారు. ఆపే ప్రయత్నానికి 11:27 అని వేళ వేశారు. ఏం చూశాడు, ఏమనుకున్నాడు, ఏం చేశాడు అన్న మూడూ విడివిడిగా ఉన్నాయి. ‘అనుకున్నాడు’ అన్నది లేకుండా చదివితే ఆ పని మతిలేని పనిలా కనిపిస్తుంది. అది ఉంటే, పనిముట్టు మౌనమే మనిషిని దారి తప్పించిందని అర్థమవుతుంది. అప్పుడే పని పుస్తకంలో ‘ఇది కాసేపు మౌనంగా ఉంటుంది, కంగారు పడవద్దు’ అన్న వాక్యం చేర్చాలన్న ఆలోచన వస్తుంది.

వేళ పక్కన ‘సుమారు’ అని రాయడమూ నాకు నచ్చింది. తెలియని నిమిషాన్ని తెలిసినట్టు రాస్తే తర్వాత లాగ్‌లతో పోల్చేవాళ్లు దారి తప్పుతారు. వేళలన్నీ యూటీసీలో ఉండటం కూడా చిన్న సంగతి కాదు. హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకరు కలిసి పనిచేసే జట్టులో ఎవరి గడియారం వాళ్లు రాస్తే, మన తెల్లవారుజాము మూడున్నర పక్కన వాళ్ల సాయంత్రం నాలుగు వచ్చి కూర్చుంటుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చడానికే ఒక పూట పోతుంది. ఏది ముందు జరిగిందో తెలియకపోతే దేనివల్ల ఏది జరిగిందో చెప్పలేం.

జ్ఞాపకాన్ని నమ్ముకుని మర్నాడు రాస్తే వేళలు జరిగిపోతాయి. అందుకే చాట్‌లో పెట్టే మెసేజ్‌లు పనికొస్తాయి, ప్రతిదానికీ వేళ దానంతటదే పడుతుంది. “db2లోకి వెళ్తున్నా, పాత డైరెక్టరీ తీసేస్తున్నా” అని కమాండ్ ఇవ్వకముందే రాసేస్తే అదే టైమ్‌లైన్‌లో ఒక వరుస అవుతుంది. సర్వర్‌లో ఇచ్చిన కమాండ్ల చరిత్ర కూడా మంచి సాక్ష్యమే. కానీ బాష్‌లో మామూలుగా కమాండ్లు మాత్రమే మిగులుతాయి, వేళలు మిగలవు. ఈ ఒక్క వరుస ముందే పెట్టి ఉంచితే ఆ తర్వాత ఇచ్చే ప్రతి కమాండ్‌కూ తేదీ, వేళ నమోదవుతాయి:

```
export HISTTIMEFORMAT="%F %T "
```

సమస్య పెద్దదైతే చేతులు ఒకరివి, కలం ఇంకొకరిది కావాలి. కీబోర్డు మీద పని చేసే మనిషిని మధ్యమధ్యలో రాయమంటే రెండూ చెడతాయి. రాసే మనిషి గదిలోనో, కాల్‌లోనో కూర్చుని విన్నది విన్నట్టు వేళతో పెట్టాలి. ముందు రాసినది తప్పని తేలితే కొట్టేయకూడదు. కింద కొత్త వరుసలో ‘ఇంతకుముందు అనుకున్నది కాదు, అసలు కారణం ఇది’ అని చేర్చాలి. శుభ్రం చేసిన టైమ్‌లైన్‌ను ఇట్టే గుర్తుపట్టవచ్చు: అందులో ఒక్క తప్పు ఊహా ఉండదు, ప్రతి అడుగూ సరిగ్గా తర్వాతి అడుగుకు దారి తీస్తుంది. నిజంగా అర్ధరాత్రి జరిగిన పని అలా ఉండదు.

మళ్లీ గిట్‌ల్యాబ్‌కి వద్దాం. డేటా పోయాక బ్యాకప్‌ల కోసం వెతికారు. రోజూ తీసి వేరే చోట దాచాల్సిన బ్యాకప్ చూస్తే అక్కడ ఏమీ లేదు. బ్యాకప్ తీసే పనిముట్టు 9.2 వెర్షన్, డేటాబేస్ 9.6 వెర్షన్. పొసగక అది రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైనప్పుడల్లా ఈమెయిల్ పంపే ఏర్పాటు కూడా ఉంది. ఆ మెయిల్స్‌కు ఉండాల్సిన ధ్రువీకరణ సరిగ్గా లేక, అందుకునే మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టింది. అలర్ట్ పుట్టింది, ఎవరికీ చేరలేదు. క్లౌడ్ సంస్థ ఇచ్చే డిస్క్ స్నాప్‌షాట్ల సౌకర్యాన్ని డేటాబేస్ సర్వర్లకు వాడటం లేదు.

నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే పెద్ద పాఠం తుడిచేసిన కమాండ్‌లో లేదు, ఈ చేరని మెయిల్స్‌లో ఉంది. రాత్రి 10 గంటల అలర్ట్‌ను ఒక మనిషి అందుకున్నాడు, పని మొదలుపెట్టాడు, తప్పు చేసినా అది కళ్ల ముందు జరిగింది. బ్యాకప్ అలర్ట్‌ను అందుకున్నవాళ్లే లేరు. మోగే అలర్ట్‌కు ఎవరో ఒకరు లేస్తారు. మోగని అలర్ట్‌ను పట్టుకోవాలంటే ‘నిన్నటి బ్యాకప్ వచ్చిందా’ అని వెళ్లి చూసే పని ఒకరి పేరు మీద ఉండాలి. ఆ సంస్థ నివేదిక ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ వెళ్లి తేలిన మాట అదే: బ్యాకప్‌ను పరీక్షించే పనికి యజమాని లేడు, కాబట్టి ఎవరూ పరీక్షించలేదు.

చివరికి వాళ్లను కాపాడింది టైమ్‌లైన్‌లో అందరికంటే ముందున్న వరుస. ఆ సాయంత్రం 5:20కి, అంటే డేటా పోవడానికి సుమారు ఆరు గంటల ముందు, అదే ఇంజనీరు వేరే పరీక్ష కోసం డేటాబేస్ స్నాప్‌షాట్ ఒకటి చేత్తో తీసి పరీక్షల సర్వర్‌లో పెట్టాడు. మామూలుగా అది రోజుకు ఒకసారి దానంతటదే జరిగేది. ఆ రోజు పని కోసం అదనంగా తీశాడు. దాని నుంచే డేటాను వెనక్కి తెచ్చారు. పరీక్షల సర్వర్ డిస్కులు నెమ్మదివి కావడంతో కాపీ చేయడానికే చాలా గంటలు పట్టింది. మర్నాడు ఫిబ్రవరి 1 సాయంత్రం 6 గంటల ప్రాంతంలో వెబ్‌సైట్ తిరిగి తెరుచుకుంది.

ప్రోగ్రామర్ల కోడ్ పోలేదు, అది వేరే చోట ఉంటుంది. సాయంత్రం 5:20కీ అర్ధరాత్రికీ మధ్య డేటాబేస్‌లో మారినవన్నీ పోయాయి. సుమారు 5000 ప్రాజెక్టులు, 5000 వ్యాఖ్యలు, 700 మంది కొత్త వాడుకదారుల ఖాతాలు దెబ్బతిన్నాయని సంస్థే చెప్పింది.

ఇక్కడ టైమ్‌లైన్ రాసేవాళ్లు పట్టుకోవాల్సిన కిటుకు ఒకటుంది. చాలామంది అలర్ట్ మోగిన నిమిషం నుంచి రాయడం మొదలుపెడతారు. ఈ సంఘటనను అలా రాత్రి 10 నుంచి మొదలుపెడితే 5:20 వరుసే ఉండదు. అది లేకపోతే ఎంత డేటా పోయిందన్న ప్రశ్నకు జవాబూ ఉండదు. కాబట్టి పని ముగిశాక వెనక్కి వెళ్లాలి: ఒత్తిడి ఎప్పుడు మొదలైంది, అలర్ట్ ఎప్పుడు వచ్చింది, మనిషి ఎప్పుడు అందుకున్నాడు, వాడుకదారులకు ఎప్పుడు తిరిగి అందింది. ఒత్తిడి మొదలవడానికీ అలర్ట్ రావడానికీ మధ్య ఇక్కడ గంటలు గడిచాయి. ఆ ఎడం ఇంజనీరు నిద్ర గురించి కాదు, అలర్ట్ హద్దులను ఎక్కడ పెట్టారన్న దాని గురించి చెబుతుంది. అలర్ట్‌కూ అక్నాలెడ్జ్‌కూ మధ్య ఎడం ఎక్కువైతే అది డ్యూటీ ఏర్పాట్ల గురించి చెబుతుంది. రెండిటినీ కలిపి ‘ఆలస్యం’ అని రాస్తే రెండూ బాగుపడవు.

తర్వాతి నివేదికలో ఆ ఇంజనీరు పేరు లేదు. తప్పు చేసిన మనిషిని బయటికి లాగితే, తర్వాతిసారి ఇంకొకరు 11:27 అని నిజమైన వేళ రాయరు. నిజం రాసినవాడికి నష్టం జరగదన్న నమ్మకం ఉన్నచోటే ఇలాంటి టైమ్‌లైన్ పుడుతుంది. మేనేజర్లుగా ఉన్న తెలుగువాళ్లు ఇవాళ లోకమంతా ఉన్నారు. జట్టు రాసిన టైమ్‌లైన్ చేతికి వచ్చినప్పుడు ‘ఇది ఎవరు చేశారు’ అన్న ప్రశ్నకు ముందు ‘అప్పుడు తెర మీద ఏం కనిపించింది’ అని అడగండి.

నివేదిక చివర గిట్‌ల్యాబ్ తాను చేయబోయే మార్పులను వరుసగా రాసి, వాటిని నంబర్లున్న టికెట్లుగా ఎవరైనా చూసేలా ఉంచింది. ఏ సర్వర్‌లో ఉన్నామో కమాండ్ రాసేచోటే స్పష్టంగా తెలిసేలా మార్చడం అందులో ఒకటి. బ్యాకప్‌ల మీద నిఘా పెట్టడం ఇంకొకటి. డేటా భద్రతకు ఒక బాధ్యుణ్ని నియమించడం మరొకటి.